బాలింతకూ ఒక షిఫ్టు నిద్ర



మన కాలనీల్లో ఒక మంచి పద్ధతి ఉంది. ఇంటాయన నైట్ షిఫ్టు చేసి పొద్దున వచ్చి పడుకుంటే ఆ ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడరు. టీవీ శబ్దం తగ్గిస్తారు. కిటికీకి దుప్పటి కడతారు. పిల్లలు గోల చేస్తే "నాన్న నైట్ డ్యూటీ చేసి పండుకున్నడు, బయట ఆడుకోండి" అని పంపిస్తారు. చుట్టాలు వచ్చినా కూర్చోబెట్టి చాయ్ ఇస్తారే గాని ఆయనను లేపరు. నిద్ర చాలని మనిషి మళ్ళీ బాయిలోకి దిగితే ఏం జరుగుతుందో గోదావరిఖనిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అదే ఇంట్లో కాన్పు అయిన ఆడమనిషి రెండు మూడు నెలలపాటు ప్రతి రాత్రీ నైట్ షిఫ్టే చేస్తుంది. ఆమెకు ప్లే డే లేదు, సెలవు లేదు, షిఫ్టు మారడం లేదు. ఆమె కోసం కిటికీకి దుప్పటి కట్టేవారు మాత్రం ఎక్కువమంది కనబడరు. పాప ఎంత బరువు పెరిగింది, పాలు సరిపోతున్నాయా, బొడ్డు ఊడిందా అని అందరూ అడుగుతారు. "నువ్వు వరుసగా ఎన్ని గంటలు పడుకున్నావు?" అని తల్లిని అడిగేవారు తక్కువ. ఈ నెల ఆ ప్రశ్న గురించే రాస్తున్నాను.

యైటింక్లైన్ కాలనీ నుండి ఒక తల్లి ఏడు వారాల పాపను టీకాలకు తీసుకొని వచ్చింది. రెండో కాన్పు, సాధారణ ప్రసవం. పాప బాగుంది, బరువు బాగా పెరిగింది. తల్లి మాత్రం కుర్చీలో కూర్చున్న రెండు నిమిషాల్లో తల వాల్చింది, ఒడిలోని పాప జారబోతే మా సిస్టరు పట్టుకుంది. "ఏమైందమ్మా?" అంటే, "ఏం లేదు సిస్టర్, రాత్రి నిద్రలేదు, అంతే" అంది. వెంట వచ్చిన అత్తమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "పాప పండుకున్నప్పుడల్లా ఇది కూడా పండుకుంటది సిస్టరమ్మా, పొద్దుగాల ఏడింటి దాకా మంచం దిగదు" అంది.

ఇద్దరూ నిజమే చెప్పారు. నేను ఒక తెల్లకాగితం ఇచ్చి, రెండు రోజులు నిద్రపోయిన టైము, లేచిన టైము రాసుకురమ్మని చెప్పాను. ఒక రాత్రి లెక్క ఇలా ఉంది. పదింబావుకు పడుకొని పదకొండు ముప్పై ఐదుకు లేచింది. మళ్ళీ పన్నెండు నలభైకి పడుకొని ఒంటిగంటా యాభైకి లేచింది. తర్వాత రెండు నలభై ఐదు నుండి మూడు యాభై వరకు, నాలుగు నలభై నుండి అయిదు నలభై వరకు. మధ్యాహ్నం పెద్దబాబు అంగన్‌వాడీ నుండి వచ్చి అన్నం తిన్నాక యాభై నిమిషాలు. అన్నీ కలిపితే 5 గంటల 25 నిమిషాలు. పెద్దవాళ్ళకు రోజుకు కనీసం 7 గంటలు కావాలి కాబట్టి ఇది ఎలాగూ తక్కువే. నేను ఎర్ర పెన్నుతో గీత గీసింది మాత్రం ఇంకో చోట. అన్నిటికంటే పొడుగైన నిద్ర 1 గంట 20 నిమిషాలు. ఏడు వారాలుగా ఆమె ఒక్కసారి కూడా గంటన్నర వరుసగా పడుకోలేదు.

నిద్ర అంటే బిందెలో నీళ్ళు పట్టినట్టు చెంబు చెంబుగా పోసి నింపుకునేది కాదు. పడుకున్నాక మొదట తేలిక నిద్ర, ఆ తర్వాత గాఢనిద్ర, చివర కలల నిద్ర వస్తాయి. ఈ చుట్టు పూర్తి కావడానికి దాదాపు 90 నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత మళ్ళీ మొదటి నుండి. ఒళ్ళు సేదదీరే గాఢనిద్ర ఎక్కువగా మొదటి రెండు చుట్లలో వస్తుంది. మనసును కుదుటపరిచే కలల నిద్ర తర్వాతి చుట్లలో పెరుగుతుంది. గంటకోసారి లేచే మనిషి ప్రతిసారీ మొదటి చుట్టులోనే తెగిపోతుంది. అందుకే ముక్కలు ముక్కలుగా ఆరు గంటలు పడుకున్న తల్లికి, వరుసగా నాలుగు గంటలు, తర్వాత రెండు గంటలు పడుకున్న తల్లికి గంటలు సమానమే అయినా పగలు ఒకేలా గడవదు. మొదటి ఆమె పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోతుంది, చిన్నమాటకు ఏడుస్తుంది, పెద్దబిడ్డ మీద చేయి చేసుకుంటుంది. అది ఆమె గుణం కాదు.

కాబట్టి మేము బాలింతలకు చెప్పేది ఇది. పసిపాప ఉన్న ఇంట్లో ఎనిమిది గంటల నిద్ర మొదటి నెలల్లో కుదరదు, దానికోసం కొట్లాడకండి. నిద్రను రెండు మూడు భాగాలుగా చేసుకోండి. అందులో ఒక్క భాగాన్ని మాత్రం పొడుగుగా, వరుసగా 4 గంటలు, వీలైతే 5 గంటలు ఉండేలా ఇంటిల్లిపాదీ కాపాడండి. మిగతావి చిన్న ముక్కలైనా ఒళ్ళు తట్టుకుంటుంది.

తల్లి మాత్రమే చేయవలసిన పని ఎంత?

ఆ కాగితాన్నే మళ్ళీ చూడండి. పాప లేచిన ప్రతిసారీ తల్లి దాదాపు గంటసేపు మేల్కొని ఉంది. ఆ గంటలో ఏం చేసింది అని అడిగితే, పాలివ్వడానికి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు అంది. మిగతా సమయమంతా భుజాన వేసుకొని త్రేన్పు తెప్పించడం, తడిగుడ్డ మార్చడం, ఊయలలో వేసి జోకొట్టడం, తను మళ్ళీ నిద్రలోకి జారడం. పాలివ్వడం ఒక్కటే తల్లి చేయవలసిన పని. మిగతావి నాన్న చేయవచ్చు, నాయనమ్మ చేయవచ్చు, అమ్మమ్మ చేయవచ్చు. ఇది మొదటి మెట్టు, కాన్పు అయిన మొదటి రోజు నుండే చేయదగినది. పాపను తల్లి దగ్గరకు తెచ్చి ఇవ్వాలి, పాలు తాగాక తీసుకొని వెళ్ళాలి. తల్లి మంచం దిగకూడదు, లైటు వేయకూడదు, మాటలు పెట్టుకోకూడదు. ఇంతమాత్రం చేసినా రాత్రికి గంటన్నర నిద్ర మిగులుతుంది.

పొడుగు నిద్ర ఎప్పటి నుండి అనేది పాప వయసును బట్టి ఉంటుంది. దీనిలో తొందర పడకూడదు. మొదటి రెండు వారాలు పాపకు రోజుకు 8 నుండి 12 సార్లు పాలు పట్టాలి, రాత్రి కూడా మూడు గంటలకు మించి ఎడం ఇవ్వకూడదు. అప్పుడే పాలు బాగా పడతాయి, పుట్టినప్పటి బరువు తిరిగి వస్తుంది. అప్పటి వరకు తల్లికి దొరికే వరుస నిద్ర రెండు, రెండున్నర గంటలే. రెండో వారం దాటి పాప పుట్టిన బరువుకు చేరాక, డాక్టరు గారు సరేనన్నాక మూడు గంటలు చూసుకోవచ్చు. ఆరు వారాలు నిండి, పాలు నిలకడ పడ్డాక నాలుగైదు గంటలు. నెలలు నిండకుండా పుట్టిన పాపలకు, తక్కువ బరువు పాపలకు, పచ్చకామెర్లు ఉన్నవారికి ఈ లెక్క వర్తించదు. వారిని గడియారం చూసి లేపి మరీ పట్టాలి.

నాలుగైదు గంటల్లో మధ్యన పాపకు ఒక్కసారైనా ఆకలి వేస్తుంది. దానికి తల్లిపాలనే పిండి దాచుకోవాలి. తెల్లవారుజామున రొమ్ములు నిండుగా ఉంటాయి కాబట్టి పొద్దున మొదటిసారి పాప తాగాక అరగంటకు, చేతులు సబ్బుతో కడుక్కొని, ఉడికించిన స్టీలు గిన్నెలోకి పిండడం సులువు. ఏడు వారాల పాపకు ఒకసారికి 75 నుండి 90 మిల్లీలీటర్లు చాలు. ఒకేసారి అంత రాకపోతే రెండుసార్లు పిండి, రెండోది కూడా చల్లబడ్డాక కలపవచ్చు. మూతపెట్టి ఫ్రిజ్‌లో లోపలి వైపు పెట్టాలి, తలుపు అరలో కాదు. 24 గంటల్లోపు వాడేయాలి. గది వేడిలో నాలుగు గంటలు ఉంచవచ్చని పుస్తకాల్లో ఉంటుంది గాని అది 25 డిగ్రీల గదికి. మన రామగుండంలో మే నెల రాత్రి గదులు అంత చల్లగా ఉండవు. ఫ్రిజ్ లేని ఇంట్లో వేసవిలో పాలు దాచడం వద్దు, పాపనే తల్లి దగ్గరకు తెండి.

పట్టేటప్పుడు పాలగిన్నెను వేడినీళ్ళలో కాసేపు ఉంచితే చాలు, పొయ్యి మీద కాచకూడదు. సీసా వద్దు. మన ఇళ్ళల్లో ఉగ్గుగిన్నె ఉండనే ఉంది, దాన్ని ఉడికించి వాడండి. పాపను కొంచెం నిలువుగా ఒడిలో కూర్చోబెట్టుకొని, గిన్నె మూతిని కింది పెదవికి ఆనించి, పాప మింగిన కొద్దీ కొంచెం కొంచెంగా పోయాలి. గొంతులో ఒంపకూడదు. తాగగా మిగిలింది పారబోయాలి, మళ్ళీ దాచకూడదు. పాలు చాలలేదని నాయనమ్మ బర్రెపాలో, చక్కెర నీళ్ళో, తేనో నాకించిన ఇళ్ళు నేను చాలా చూశాను. వద్దు. చాలకపోతే తల్లిని లేపండి.

షిఫ్టుకొక ఏర్పాటు

ఆ ఇంట్లో ఇంకో చిక్కు ఉంది. ఇంటాయన షిఫ్టు వారం వారం మారుతుంది. ఒక వారం పొద్దున 7 నుండి 3, ఒక వారం 3 నుండి రాత్రి 11, ఒక వారం రాత్రి 11 నుండి పొద్దున 7. ఆయన ఓపెన్ కాస్టులో డంపర్ నడుపుతాడు. "నేను చూసుకుంటా సిస్టర్, రాత్రంతా నేనే మేలుకుంటా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. భార్య నిద్ర కాపాడడానికి డంపర్ నడిపే మనిషి నిద్ర తీసేస్తే ఒక ప్రమాదాన్ని తప్పించి ఇంకోదాన్ని తెచ్చుకున్నట్టు. ఆయన ఇంట్లో ఎలాగూ మేలుకొని ఉండే గంటలే తీసుకోవాలి, నిద్రపోయే గంటలు తీసుకోకూడదు.

ముగ్గురినీ కూర్చోబెట్టి, తల్లి పొడుగు నిద్రను రాత్రి ఎనిమిదిన్నర నుండి ఒంటిగంట వరకు అని నిర్ణయించాము. ఆ టైమే ఎందుకంటే అత్తమ్మకు సీరియళ్ళు అయ్యేసరికి రోజూ పదిన్నర అవుతుంది. ఆమె ఎలాగూ మెలకువగానే ఉంటుంది కదా, పాపను ఒడిలో పెట్టుకొని, శబ్దం తగ్గించి చూసుకోమన్నాను. ఇంకో కారణం, షిఫ్టు ఏదైనా తల్లి పడుకునే గంట మారకూడదు. రోజూ ఒకే టైముకు పడుకుంటే ఒళ్ళు ఆ టైముకు అలవాటు పడి త్వరగా నిద్ర పడుతుంది.

మొదటి షిఫ్టు వారంలో ఆయన తొమ్మిదింటికి లోపలి గదిలో పడుకోవాలి, అయిదుకు లేవాలి. కాబట్టి ఎనిమిదిన్నర నుండి ఒంటిగంట దాకా అత్తమ్మదే. పదకొండు ప్రాంతంలో పాప లేస్తే ఉగ్గుగిన్నెతో ఆమే పడుతుంది. దానికి బదులుగా ఆమె పొద్దున ఏడింటి దాకా పడుకుంటుంది. అంటే ఆ వారం ఆయనకు క్యారేజీ ఉండదు, క్యాంటీనులో తినాలి. మూడున్నరకు ఇంటికి వచ్చాక పెద్దబాబు బాధ్యత ఆయనది. రెండో షిఫ్టు వారం అన్నిటికంటే మేలు. ఆయన పావు తక్కువ పన్నెండుకు వచ్చి స్నానం చేసి, తిని, ఎలాగూ రెండింటి దాకా పడుకోడు. పన్నెండు నుండి పాప ఆయన దగ్గర, అత్తమ్మ అప్పుడే పడుకుంటుంది, తల్లి నిద్ర రెండింటి దాకా సాగుతుంది. నైట్ షిఫ్టు వారంలో ఎనిమిదిన్నర నుండి పది వరకు ఆయన, డ్యూటీకి బయలుదేరేటప్పుడు పాపను అత్తమ్మకు అప్పగిస్తాడు. ఆ వారం పగటిపూట ఆయన నిద్ర కూడా కాపాడాలి. అందుకే పెద్దబాబును అంగన్‌వాడీ నుండి తీసుకురావడం అత్తమ్మ పని.

తల్లి ఎనిమిదింబావుకు పాపకు పాలిచ్చి, అన్నం తిని ఉంటుంది కాబట్టి నేరుగా పడుకుంటుంది. ప్రార్థనకు, పలకరింపుకు వచ్చేవారు కూడా దయచేసి ఏడున్నర లోపల వచ్చి వెళ్ళండి. బాలింత ఇంటికి రాత్రి తొమ్మిదింటికి వెళ్ళి ఆమెను లేపి కూర్చోబెట్టడం ప్రేమే గాని, ఆమె నిద్రలో మొదటి చుట్టు మీ పలకరింపుకే పోతుంది.

మొదటి రెండు రాత్రులు పథకం కుదరలేదు. మొదటి రాత్రి పదకొండున్నరకే రొమ్ములు గట్టిపడి నొప్పితో లేచింది. రోజూ రెండు గంటలకోసారి తాగే పాప ఒక్కసారిగా నాలుగున్నర గంటలు తాగకపోతే అలాగే ఉంటుంది. అప్పుడు మొత్తం పిండకూడదు, నొప్పి తగ్గేంత వరకు కొంచెం పిండి మళ్ళీ పడుకోవాలి. మొత్తం పిండితే ఆ టైముకు పాలు తయారవుతూనే ఉంటాయి. నాలుగైదు రోజుల్లో సర్దుకుంటుంది. ఒకచోట గడ్డ కట్టి ఎర్రబడి జ్వరం వస్తే ఆగకుండా ఆసుపత్రికి రావాలి, ఆ రొమ్ము నుండి పాలివ్వడం మాత్రం ఆపకూడదు.

రెండో రాత్రి ఆమె పడుకుందిగాని నిద్ర పట్టలేదు. పాప ముందుగదిలో కదిలినా ఆమెకు వినబడుతుంది. "ఏడుస్తదేమోనని చెవులు అటే ఉన్నయి సిస్టర్" అంది. అత్తమ్మ కూడా రెండుసార్లు తలుపు తీసి "పాప నోరు చప్పరిస్తంది, పాలియ్యాల్నా?" అని అడిగింది. లోపలి గది తలుపు వేసి, ఫ్యాను స్పీడు పెంచి, ఆ మోతలో చిన్న చప్పుళ్ళు మునిగేలా చేయమన్నాను. లేపవలసిన కారణాలు మూడే అని అత్తమ్మకు చెప్పాను. పాలు పట్టినా పాప ఏడుపు ఆపకపోవడం, పాలు అసలు తాగకపోవడం, ఒళ్ళు వేడిగా ఉండడం లేదా చల్లబడడం. నోరు చప్పరించడం వాటిలో లేదు. నాలుగో రాత్రి ఆమె పది నిమిషాల్లో నిద్రపోయింది.

మూడు వారాల తర్వాత మళ్ళీ కాగితం తెచ్చింది. పొడుగు నిద్ర 3 గంటల 50 నిమిషాలు, తర్వాత 1 గంట 50 నిమిషాలు, ఆఖరున ఒక గంట. మొత్తం 6 గంటల 40 నిమిషాలు. అంటే కలిసి వచ్చింది గంటా పావు మాత్రమే. కాని ఆమె కుర్చీలో నిటారుగా కూర్చొని పెద్దబాబు చేసిన అల్లరి చెప్పి నవ్వింది. పాప రోజుకు ఏడెనిమిదిసార్లు మూత్రం పోస్తోంది, బరువు పెరిగింది. రోజుకు ఆరుసార్ల కంటే తక్కువ మూత్రం పోస్తే పాలు చాలడం లేదని, పొడుగు నిద్రను కొన్నాళ్ళు తగ్గించుకోవాలని గుర్తు. మధ్యాహ్నం నిద్ర మాత్రం ఆమెకు కుదరలేదు. రాత్రి కొంచెం పడుకుంటోంది గదా అని పగలు పనులన్నీ ఆమె మీదికి వచ్చాయి! ఇది దాదాపు అన్ని ఇళ్ళల్లో జరుగుతుంది.

పగటి నిద్ర గురించి

బాలింత పగలు పడుకుంటే ఒంటికి నీరు పడుతుందని మన పెద్దలు అంటారు. కాన్పు అయిన మొదటి వారం కాళ్ళు కొంచెం ఉబ్బడం మామూలే. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో చేరిన నీరు అది, మూత్రంలో, చెమటలో మెల్లగా పోతుంది. పగలు పడుకున్నందువల్ల వచ్చేది కాదు. అయితే ఈ నమ్మకం వల్ల ఇంకో నష్టం ఉంది. ముఖం, చేతులు ఉబ్బి, తలనొప్పి, కళ్ళు మసకలు ఉంటే అది బీపీ పెరిగిన గుర్తు కావచ్చు. కాన్పు తర్వాత ఆరు వారాల వరకు ఇది రావచ్చు. దానిని "పగలు పండుకున్నది, అందుకే" అని ఇంట్లో ఉంచితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. వెంటనే తీసుకురండి.

పగలు పడుకోవడానికి మన పద్ధతిలోనే మంచి సమయం ఉంది. నూనె రుద్ది వేడినీళ్ళు పోశాక బాలింతకు తనంతట తానే కళ్ళు మూతపడతాయి. ఆ వెంటనే పాప కూడా పడుకుంటుంది. ఆ సమయాన్ని వంటకు, బట్టలకు వాడకుండా గంటన్నర పడుకోనివ్వండి. (సాంబ్రాణి పొగ మాత్రం పాప ఉన్న గదిలో వద్దు.) సాయంత్రం నాలుగు దాటాక పడుకోవద్దు, చాయ్ కూడా మూడింటికే ఆఖరు. లేకపోతే ఎనిమిదిన్నరకు నిద్ర పట్టదు.

అత్తమ్మ లేదు, అమ్మ దూరాన ఉంది, ఆయన కాంట్రాక్టు పనిలో ఉన్నాడు, ఒక్క గది అద్దెకు తీసుకొని ఉంటున్నాము అనేవారు మా దగ్గరకు చాలామంది వస్తారు. వారికి నాలుగున్నర గంటలు కుదరవు. మూడు గంటలు చూడండి. ఆయన ఇంట్లో మేలుకొని ఉన్న ఏ మూడు గంటలైనా సరే. ఆ ముందు పాలిచ్చి పడుకోండి, పాప లేస్తే ఎత్తుకొని తిప్పడం ఆయన పని. రాత్రి పాలు పక్కకు తిరిగి పడుకొని ఇవ్వడం నేర్చుకోండి, ప్రసూతి వార్డులో సిస్టర్లు దగ్గరుండి చూపిస్తారు. నేల మీద గట్టి చాప వేసుకొని, పాప దగ్గర దిండ్లు, బొంతలు లేకుండా చూసుకోవాలి. తాగి వచ్చిన మనిషి, బీడీ సిగరెట్లు తాగే మనిషి పాప పక్కన పడుకోకూడదు. నిద్రమత్తులో కుర్చీలో, సోఫాలో కూర్చొని పాలివ్వడం అన్నిటికంటే ప్రమాదం. పాప మీ చేతికీ కుర్చీకీ మధ్య ఇరుక్కుపోవచ్చు.

నిద్రపోవడానికి వీలున్నా నిద్ర రాకపోతే

ఈ భాగం ఇంట్లోవాళ్ళు తప్పక చదవాలి. కాన్పు అయిన మూడో నాలుగో రోజు నుండి కొంతమందికి ఊరికే ఏడుపు వస్తుంది, రెండు వారాల్లో తగ్గిపోతుంది. దానికి భయపడనక్కరలేదు. కాని పాపను వేరొకరు చూస్తున్నారు, తలుపు వేసి ఉంది, ఒళ్ళు అలసిపోయి ఉంది, అయినా తల్లికి నిద్ర పట్టడం లేదంటే అది పాప వల్ల వచ్చిన నిద్రలేమి కాదు. పొడుగు నిద్రకు ఏర్పాటు చేయడంలో నాకు కనబడిన ఇంకో మేలు ఇదే. నిద్రకు వీలు చేసి ఇచ్చాకనే, నిద్ర దొరకని తల్లి ఎవరో, నిద్ర రాని తల్లి ఎవరో తేలుతుంది.

కొన్నేళ్ళ క్రితం మొదటి కాన్పు అయిన ఒక అమ్మాయిని వాళ్ళమ్మ పదో రోజున తీసుకువచ్చింది. మూడు రాత్రులుగా రెప్ప వేయలేదు. కాని అలసట లేదు. గబగబా మాట్లాడుతోంది, అర్ధరాత్రి గిన్నెలు తోముతోంది, పాపను ఎవరో మార్చారని అంటోంది. ఇంట్లో గాలి సోకిందని తాయెత్తు కట్టించి రెండు రోజులు చూశారు. అది ప్రసవం తర్వాత వచ్చే తీవ్రమైన మానసిక జబ్బు. అరుదుగా వస్తుంది గాని తల్లికీ పాపకూ ప్రాణాపాయం ఉంటుంది కాబట్టి అదే రోజు ఆసుపత్రిలో చేర్చాలి. ఆ అమ్మాయిని మానసిక వైద్యుని దగ్గరకు పంపించాము, మందులతో కోలుకుంది. ఆ తర్వాత పాపను ఎత్తుకొని మా వార్డుకు వచ్చి చూపించింది.

అంత తీవ్రంగా లేకపోయినా, వీలు కల్పించిన తర్వాత కూడా వారం రోజులు నిద్ర పట్టకపోవడం, రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోవడం, పాప మీద మనసు పోకపోవడం, తను లేకుంటేనే మేలని అనడం ఉంటే ఆలస్యం చేయవద్దు. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ ఫోన్ నంబరు 14416. పగలు రాత్రి ఎప్పుడైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. తనకుగాని పాపకుగాని హాని చేసుకుంటానని అంటే ఒంటరిగా వదలకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకురండి. నిద్రలేమితో పాటు గుండెదడ, విపరీతమైన అలసట ఉంటే రక్తం తక్కువ ఉందేమో, థైరాయిడ్ ఉందేమో కూడా పరీక్ష చేయిస్తాము.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు రెండు రోజుల నిద్ర టైములు రాసిన కాగితం వెంట తీసుకురండి. చదువురాని తల్లి అయితే ఇంట్లో ఎవరైనా రాయవచ్చు, క్యాలెండరు వెనుక గీతలు గీసినా సరే. పడుకున్న టైము, లేచిన టైము, పాప లేపితే లేచిందా, తనంతట తానే లేచిందా, ఈ మూడూ ఉంటే చాలు.